ఎషలాన్ రూపం వికర్ణం మీద ఉన్నవి ఐగన్ విలువలు ఎందుకు కావు?

బీఎస్సీ_రెండో_ఏడు

అందరికీ నమస్కారం. నిన్న ఇంటర్నల్ పేపర్లు ఇచ్చారు. ఐదు మార్కుల లెక్కకు నాకు సున్నా వచ్చింది. తప్పు ఎక్కడుందో రాత్రి నుంచీ వెతుకుతున్నాను, దొరకడం లేదు. ఈ మాత్రికకు ఐగన్ విలువలు కనుక్కోమన్నారు:

```
A = | 1   2 |
    | 3   2 |
```

నేను R2 → R2 − 3R1 చేశాను. ఇది వచ్చింది:

```
U = | 1    2 |
    | 0   -4 |
```

త్రిభుజ మాత్రికకు వికర్ణం మీద ఉన్న సంఖ్యలే ఐగన్ విలువలని మా నోట్సులో ఉంది. కాబట్టి 1, −4 అని రాశాను. సరైన జవాబు 4, −1 అట. రో ఆపరేషన్లు చేస్తే సమీకరణాల సాధన మారదని కూడా అదే నోట్సులో ఉంది. రెండు మాటలూ నిజమైతే నా జవాబు ఎందుకు తప్పు? పైగా సరిచూసుకున్నాను కూడా. ఐగన్ విలువల లబ్ధం నిర్ధారకానికి సమానం కావాలి కదా. 1 × (−4) = −4, A నిర్ధారకం కూడా −4. అందుకే ధైర్యంగా రాసేశాను.

---

వరంగల్_శ్రీను

తమ్ముడూ, నువ్వు సగంలో ఆపేశావు. పివట్లు అన్నీ 1 అయ్యేదాకా, పైన ఉన్నవి కూడా సున్నాలయ్యేదాకా చెయ్యాలి. పూర్తిగా కుదించిన రూపం ఒక్కటే ఉంటుంది, ఎషలాన్ రూపాలు చాలా ఉంటాయి. నీకు తేడా వచ్చింది అక్కడే అనుకుంటా.

---

బీఎస్సీ_రెండో_ఏడు

అన్నా, అది కూడా చేసి చూశాను. రెండో వరుసను −4తో భాగించి, దాంతో పైన 2ను తీసేస్తే యూనిట్ మాత్రిక వస్తోంది. అప్పుడు ఐగన్ విలువలు 1, 1 అవ్వాలి. అదీ తప్పే కదా.

---

తెనాలి_లెక్కల_మాస్టారు

బాబూ, శ్రీను గారు చెప్పిన దారిలో నువ్వు వెళ్లి చూడటం మంచిదైంది. నిర్ధారకం సున్నా కాని ఏ చదరపు మాత్రికనైనా పూర్తిగా కుదిస్తే యూనిట్ మాత్రికే వస్తుంది. కుదింపు ఐగన్ విలువలను కాపాడేదే అయితే లోకంలో ఉన్న ఆ మాత్రికలన్నిటికీ ఐగన్ విలువ 1 ఒక్కటే ఉండాలి. అలా ఉండదని మనకు తెలుసు. కాబట్టి నీ అనుమానం పెట్టుకోవాల్సింది "ఎంతవరకు కుదించాలి" అన్న దగ్గర కాదు. అసలు కుదింపు దేన్ని కాపాడుతుంది, దేన్ని కాపాడదు అన్న దగ్గర.

నీ నోట్సులో ఉన్న రెండు మాటలూ నిజమే. త్రిభుజ మాత్రిక ఐగన్ విలువలు వికర్ణం మీద ఉంటాయి. నిజం. కాబట్టి 1, −4 అనేవి U ఐగన్ విలువలు, అందులో సందేహం లేదు. కానీ నిన్ను అడిగింది A గురించి. A విలువలే U విలువలు కూడా అని నువ్వు మధ్యలో ఒక మాట చేర్చావు. ఆ మాట ఏ నోట్సులోనూ లేదు.

ఒక వెక్టర్ పట్టుకుని చూద్దాం. కింద A అన్నది A మాత్రిక చేసే పని.

```
A (2, 3) = (2 + 6,  6 + 6)  = (8, 12)  = 4 (2, 3)
U (2, 3) = (2 + 6,  0 - 12) = (8, -12)
```

A లోకి (2, 3) వెళితే అదే దిశలో నాలుగింతలై వచ్చింది. కాబట్టి 4 ఐగన్ విలువ. అదే వెక్టర్ U లోకి వెళితే (8, −12) వచ్చింది. అది (2, 3) దిశే కాదు. ఎందుకు అలా అయింది? R2 → R2 − 3R1 అన్నది బయటికొచ్చిన సమాధానం మీద చేసిన మార్పు. (8, 12) లో రెండో అంకె నుంచి మొదటి అంకెకు మూడు రెట్లు తీసేస్తే 12 − 24 = −12. అంతే. లోపలికి వెళ్లిన (2, 3) ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

ఐగన్ విలువ అంటే లోపలికి వెళ్లినదాన్నీ బయటికి వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చడం. రెండిటినీ ఒకే కొలబద్దతో కొలిస్తేనే ఆ పోలికకు అర్థం ఉంటుంది. రో ఆపరేషన్ బయటివైపు కొలబద్దను మాత్రమే మార్చేస్తుంది.

ఇక "సాధన మారదు" అన్న మాట సంగతి. Ax = b లో వరుసలు కుదించేటప్పుడు నువ్వు b ని కూడా పక్కన రాసుకుని దాని మీదా అదే ఆపరేషన్ చేస్తావు. అందుకే x మారదు. ఇక్కడ సమీకరణం Ax = λx. కుడివైపు ఉన్నది λx. రో ఆపరేషన్ చేయడమంటే E అనే ఒక మాత్రికతో ఎడమ నుంచి గుణించడమే. ఎడమవైపు E తో గుణిస్తే కుడివైపూ గుణించాలి:

```
E A x = λ E x
```

నువ్వు ఎడమవైపు మాత్రమే గుణించి, కుడివైపు λx ని అలాగే వదిలేసినట్టయింది. ఒక్క సందర్భంలో మాత్రం ఇబ్బంది రాదు. λ = 0 అయితే కుడివైపు సున్నా, దాన్ని దేనితో గుణించినా సున్నానే. అందుకే A కి 0 ఐగన్ విలువ అవునా కాదా అన్నది ఎషలాన్ రూపం నిజంగానే చెబుతుంది. మిగతా ఏ విలువ గురించీ అది హామీ ఇవ్వదు.

---

కరీంనగర్_స్వాతి

మాస్టారూ, నాకు అర్థం కాలేదు. ఐగన్ వెక్టర్లు కనుక్కోవడానికి రో రిడక్షన్ చెయ్యకూడదంటున్నారా? మాకు క్లాసులో ప్రతి లెక్కకూ చేయించారు. ఎగ్జామ్‌లో కూడా అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఇది చదివితే టెన్షన్‌గా ఉంది.

---

తెనాలి_లెక్కల_మాస్టారు

చెయ్యకూడదని అనలేదమ్మా. మీరు చేసింది సరైనదే. మీ క్లాసులో కుదించింది A ని కాదు, A − 4I ని. అక్కడ ముందే λ తీసేశారు, ఆ తర్వాత కుదించారు. అప్పుడు వెతికేది (A − 4I)x = 0 కి సాధన. కుడివైపు సున్నా ఉంది కాబట్టి ఎన్ని రో ఆపరేషన్లు చేసినా x మారదు. పైన λ = 0 గురించి చెప్పిందే ఇక్కడ పనికొచ్చింది.

ఈ బాబు చేసింది ముందు కుదించడం, తర్వాత λ తీసేయడం. ఈ రెండూ ఒకటి కావు:

```
E (A - λI) = EA - λE
EA - λI   ≠  EA - λE
```

నా అనుభవంలో పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. బోర్డు మీద అదే కుదింపు, అదే బాణం గుర్తు, అదే సున్నాలు కనిపిస్తాయి. ఐగన్ పాఠంలో కుదింపు చూశారు కాబట్టి A నే కుదించినా ఫరవాలేదనుకుంటారు. కుదించేముందు λI తీసేశామా లేదా అన్నది చూడరు.

---

కరీంనగర్_స్వాతి

ఇప్పుడు అర్థమైంది మాస్టారూ. మా నోట్సు తీసి చూశాను, ప్రతిచోటా ముందు λ విలువ పెట్టాకే కుదించారు. అప్పట్లో ఆ వరుసక్రమం నేను గమనించనే లేదు.

---

గేట్_కోచింగ్_మూర్తి

మాస్టారు చెప్పింది బాగుంది కానీ పిల్లలకు పూర్తిగా పనికిరాదని చెప్పేయకండి. ఎషలాన్ రూపం నుంచి విలువలు రాకపోయినా గుర్తులు వస్తాయి. పివట్లలో ఎన్ని ధనాత్మకమో ఐగన్ విలువల్లో అన్ని ధనాత్మకం, ఎన్ని రుణాత్మకమో అన్ని రుణాత్మకం. ఈ లెక్కలోనే చూడండి, పివట్లు 1, −4. ఐగన్ విలువలు 4, −1. ఒకటి ప్లస్, ఒకటి మైనస్. ఆప్షన్లు తీసేయడానికి మా స్టూడెంట్లు ఇదే వాడతారు. మూడు నిమిషాల లెక్క అరనిమిషంలో అయిపోతుంది.

---

కంట్రోల్స్_కిరణ్

మూర్తి గారూ, దయచేసి ఇది అన్ని మాత్రికలకూ చెప్పకండి. ఈ మాట నమ్మి నేను దెబ్బ తిన్నాను.

నేను మోటార్ కంట్రోల్ పని చేస్తాను. సిస్టమ్ స్థిరంగా ఉంటుందా లేదా అన్నది స్టేట్ మాత్రిక ఐగన్ విలువల గుర్తులను బట్టి తెలుస్తుంది. అన్నిటి నిజభాగం రుణాత్మకమైతే కదలిక తగ్గుతూ సున్నాకు వస్తుంది. ఒక్కటి ధనాత్మకమైనా పెరిగిపోతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో చేతిలో కంప్యూటర్ లేనప్పుడు కాగితం మీద గుర్తులు చూద్దామని ఎషలాన్ చేసి, సిస్టమ్ అస్థిరం అని మీటింగులో చెప్పేశాను. అసలు మాత్రిక పెద్దది. అదే తప్పు కనిపించే చిన్న మాత్రిక ఇది:

```
B = |  2    6 |
    | -2   -5 |
```

R2 → R2 + R1 చేస్తే పివట్లు 2, 1 వస్తాయి. రెండూ ధనాత్మకం. మీ లెక్క ప్రకారం రెండు ఐగన్ విలువలూ ధనాత్మకం కావాలి. నిజానికి B ట్రేస్ −3, నిర్ధారకం 2. λ² + 3λ + 2 = 0. ఐగన్ విలువలు −1, −2. సిస్టమ్ పూర్తిగా స్థిరం. నేను చెప్పింది దానికి సరిగ్గా తలకిందులు. ఆ రోజు వారం పాటు చేసిన గెయిన్ సెట్టింగ్ మార్చమన్నారు, సాయంత్రం మళ్లీ అందరినీ పిలిచి తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది.

---

గేట్_కోచింగ్_మూర్తి

మీ ఉదాహరణ చేసి చూశాను, నిజమే. కానీ గుర్తుల సూత్రం నేను ఊహించి చెప్పింది కాదు. ఎప్పటి నుంచో వాడుతున్నాం, తప్పిన లెక్క నాకు తగల్లేదు.

---

తెనాలి_లెక్కల_మాస్టారు

మూర్తి గారు చెప్పిన సూత్రం ఉంది, దానికి ఒక షరతు ఉంది. మాత్రిక సౌష్ఠవంగా ఉండాలి, అంటే వికర్ణానికి అటూ ఇటూ ఒకే అంకెలు ఉండాలి. వరుసల తారుమారు లేకుండా, వరుసల్ని స్కేల్ చేయకుండా కుదించాలి. 1852లో సిల్వెస్టర్ ఇచ్చిన జడత్వ నియమం అదే. మీ లెక్కల్లో తప్పకపోవడానికి కారణం, గుర్తులు అడిగే ప్రశ్నలు ఎక్కువగా సౌష్ఠవ మాత్రికల మీదే ఉండటం అయి ఉండవచ్చు.

ఒక ఉదాహరణ:

```
S = |  2  -1   0 |
    | -1   2  -1 |
    |  0  -1   2 |
```

దీని పివట్లు 2, 3/2, 4/3. ఐగన్ విలువలు 2 − √2, 2, 2 + √2. మూడూ ధనాత్మకం, గుర్తులు కలిశాయి. విలువలు మాత్రం ఒక్క 2 తప్ప కలవలేదు, ఆ 2 కలవడం కూడా యాదృచ్ఛికమే.

ఈ బాబు మాత్రిక A సౌష్ఠవం కాదు. అయినా గుర్తులు కలవడానికి వేరే కారణం ఉంది. నిర్ధారకం −4. రెండు నిజ సంఖ్యల లబ్ధం రుణాత్మకం అయితే ఒకటి ప్లస్, ఒకటి మైనస్ కాక తప్పదు. పివట్ల లబ్ధమూ −4, ఐగన్ విలువల లబ్ధమూ −4. కాబట్టి కలిసి తీరాలి. కిరణ్ గారి B లో లబ్ధం +2. అది రెండు ప్లస్‌ల వల్లా రావచ్చు, రెండు మైనస్‌ల వల్లా రావచ్చు. అక్కడే సూత్రం తప్పింది.

బాబూ, నువ్వు సరిచూసుకున్న పద్ధతి నిన్ను ఎందుకు మోసం చేసిందో కూడా ఇందులోనే ఉంది. ఒక వరుసకు ఇంకో వరుస రెట్లు కలిపితే నిర్ధారకం మారదు. అందుకే లబ్ధం చూస్తే ఎప్పుడూ సరిపోతుంది, జవాబు తప్పైనా సరిపోతుంది. లబ్ధంతోపాటు మొత్తం కూడా చూడు. A వికర్ణం మొత్తం 1 + 2 = 3. నీ జవాబు మొత్తం 1 − 4 = −3. అక్కడ వెంటనే దొరికిపోతుంది.

---

బీఎస్సీ_రెండో_ఏడు

మాస్టారూ, చాలా థ్యాంక్స్. మొత్తం చూడాలన్న ఆలోచనే రాలేదు.

ఇంకో ప్రశ్న. బయటివైపు కొలబద్ద మాత్రమే మారడం సమస్య అన్నారు. అయితే లోపలివైపు కూడా అదే మార్పు చేస్తే సరిపోతుంది కదా? అంటే E A కాకుండా E A E⁻¹. దాని ఐగన్ విలువలు మారవని పుస్తకంలో ఉంది. R2 → R2 − 3R1 కి జోడీగా C1 → C1 + 3C2 చెయ్యాలి. చేశాను:

```
|  7    2 |
| -12  -4 |
```

మొత్తం 3, నిర్ధారకం −28 + 24 = −4. రెండూ సరిపోయాయి. కానీ కష్టపడి తెచ్చిన సున్నా పోయి −12 వచ్చింది. చేతికొచ్చింది జారిపోయినట్టుంది.

---

అంకెల_దారి

తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్న ఈ థ్రెడ్‌లో అన్నిటికంటే మంచిది. నేను సంఖ్యాత్మక పద్ధతుల మీద పని చేస్తాను, కాస్త వివరంగా రాస్తా.

రో ఆపరేషన్ సున్నా తెచ్చింది, జోడీ కాలమ్ ఆపరేషన్ దాన్ని మళ్లీ నింపేసింది. అలా నింపకుండా ఉండే గుణకం ఏదైనా ఉందా? 3 కి బదులు తెలియని t పెడదాం. R2 → R2 + tR1, తర్వాత C1 → C1 − tC2. కింద ఎడమ మూలలో ఏం మిగులుతుందో చూడు:

```
(3 + t) - t (2 + 2t) = 3 - t - 2t²
```

ఇది సున్నా కావాలంటే 2t² + t − 3 = 0, అంటే t = 1 లేదా t = −3/2. t = 1 పెట్టి చెయ్యి. ముందు R2 + R1 చేస్తే రెండో వరుస (4, 4). తర్వాత C1 − C2:

```
| -1   2 |
|  0   4 |
```

వికర్ణం మీద −1, 4. ఇవి నిజమైన ఐగన్ విలువలు. ఈసారి వికర్ణం నుంచి చదవడం న్యాయమే, ఎందుకంటే రెండు వైపులా మార్చాం.

కానీ ఇక్కడ ఏం జరిగిందో గమనించు. సరైన t కోసం వర్గ సమీకరణం సాధించాల్సి వచ్చింది. లాక్షణిక సమీకరణం సాధించే కష్టం ఎంతో ఇదీ అంతే. అది వేరే రూపంలో వచ్చింది, పోలేదు. మామూలు కుదింపులో గుణకం −3 అన్నది ఒక్క భాగాహారంతో దొరికింది. అంత తేలిగ్గా దొరికిన దానిలో ఐగన్ విలువ ఉండదు.

దీన్ని ఇంకో వైపు నుంచి కూడా చూడొచ్చు. మాత్రికలో అన్నీ పూర్ణాంకాలే ఉన్నాయనుకో. రో ఆపరేషన్లంటే కూడిక, తీసివేత, గుణకారం, భాగాహారం. వీటితో ఎన్నిసార్లు చేసినా భిన్నాలే వస్తాయి. ఈ మాత్రిక చూడు:

```
F = | 1   1 |
    | 1   0 |
```

పివట్లు 1, −1. ఐగన్ విలువలు (1 + √5)/2, (1 − √5)/2. √5 భిన్నం కాదు. నాలుగు పరిక్రియలతో, పరిమితమైన మెట్లలో, ఎంత తెలివిగా కుదించినా వికర్ణం మీద √5 పుట్టదు. కాబట్టి "ఇంకో రకంగా కుదిస్తే వస్తుందేమో" అన్న ఆశే అక్కర్లేదు.

---

కంట్రోల్స్_కిరణ్

మరి కంప్యూటర్ ఎలా తెస్తోంది? అది చేసేదీ ఆ నాలుగు పరిక్రియలే కదా, మహా అయితే వర్గమూలం.

---

అంకెల_దారి

పరిమిత మెట్లలో తేదు కిరణ్ గారూ. చేసిందే మళ్లీ మళ్లీ చేస్తూ దగ్గరికి వెళుతుంది, తేడా చాలినంత చిన్నదయ్యాక ఆపేస్తుంది.

తమ్ముడు చేతికొచ్చింది జారిపోయిందని వదిలేసిన మాత్రిక ఉంది కదా, 7, 2, −12, −4. దాన్ని పారేయకుండా మళ్లీ అదే పని చేస్తే? అంటే దాన్ని కుదించి, జోడీ కాలమ్ ఆపరేషన్ చేసి, వచ్చినదాన్ని మళ్లీ కుదించి. పైథాన్‌లో ఇంతే:

```python
import numpy as np
A = np.array([[1., 2.], [3., 2.]])
for k in range(5):
    m = A[1, 0] / A[0, 0]
    L = np.array([[1, 0], [m, 1]])
    Linv = np.array([[1, 0], [-m, 1]])
    A = Linv @ A @ L
    print(A.diagonal())
```

వికర్ణం ఇలా మారుతూ వస్తుంది (నాలుగు దశాంశాలకు సవరించి రాస్తున్నా):

```
 7.0000   -4.0000
 3.5714   -0.5714
 4.1200   -1.1200
 3.9709   -0.9709
 4.0073   -1.0073
```

ప్రతి మెట్టులో మొత్తం 3 గానే ఉంది చూడండి. కింద మూలలోని −12 తగ్గుతూ సున్నాకు చేరుతోంది. వికర్ణం 4, −1 దగ్గరికి వెళుతోంది. ఈ పద్ధతిని స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు హైన్జ్ రూటిస్‌హౌజర్ ఇచ్చాడు, ఎల్‌ఆర్ పద్ధతి అంటారు, 1958లో దాని మీద వ్యాసం అచ్చయింది. తర్వాత 1961 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో జాన్ ఫ్రాన్సిస్, లెనిన్‌గ్రాడ్‌లో వేరా కుబ్లనోవ్‌స్కాయా ఒకరికొకరు సంబంధం లేకుండా క్యూఆర్ పద్ధతి తెచ్చారు. ఇప్పుడు np.linalg.eigvals లోపల జరిగేది ఆ దారిలోదే.

కాబట్టి కుదింపుకూ ఐగన్ విలువలకూ సంబంధమే లేదనలేం. తమ్ముడు మొదటి మెట్టులో సగం చేసి ఆగిపోయాడు.

---

వరంగల్_శ్రీను

నా మొదటి సలహా తప్పని ఒప్పుకుంటున్నా. ఇంకో డౌట్. లాక్షణిక సమీకరణం కోసం A − λI నిర్ధారకం తీసేటప్పుడు రో ఆపరేషన్లు చెయ్యొచ్చా? ఒకసారి చేస్తే 2 × 2 మాత్రికకు నాకు మూడు ఐగన్ విలువలు వచ్చాయి. ఇదే మాత్రికకు చేసినా అలాగే వస్తోంది: R2 → (1 − λ)R2 − 3R1.

---

తెనాలి_లెక్కల_మాస్టారు

చెయ్యొచ్చు, కానీ R2 ని (1 − λ) తో గుణించడం వల్ల నిర్ధారకం కూడా (1 − λ) రెట్లయింది. నీకు వచ్చింది (1 − λ)(λ² − 3λ − 4). అందులో 4, −1 అసలువి. 1 నువ్వు గుణించినందుకు వచ్చి చేరినది. కలపడం, తీసివేయడం మాత్రమే చేస్తే, గుణకంలో λ ఉన్నా సరే, ఈ ఇబ్బంది రాదు. λ ఉన్న పదంతో ఒక వరుసనే గుణించినా, భాగించినా లెక్క రాసుకుని చివర సరిచెయ్యాలి. 2 × 2 కి మూడు విలువలు వచ్చాయంటే ఏదో ఒకటి అదనంగా చేరిందని అక్కడే అర్థం కావాలి.

---

గేట్_కోచింగ్_మూర్తి

సౌష్ఠవం షరతు నా నోట్సులో చేర్చాను, కిరణ్ గారి మాత్రికతో సహా. కానీ ఒక మాట. ఈ అబ్బాయికి సున్నా వెయ్యడం నాకు నచ్చలేదు. కుదింపు సరిగ్గా చేశాడు, త్రిభుజ మాత్రిక సూత్రం సరిగ్గా రాశాడు, నిర్ధారకంతో సరిచూశాడు కూడా. నేనైతే ఐదుకు రెండు వేస్తాను.

---

తెనాలి_లెక్కల_మాస్టారు

ఇందులో మీతో కలవలేను మూర్తి గారూ. ఆ ప్రశ్న పరీక్షించేది ఐగన్ విలువ అంటే ఏమిటో తెలుసా అని. కుదింపు వచ్చా అని కాదు. రెండు మార్కులు వేస్తే ఈ దారి సగం సరైనదేమో అనుకుంటారు. వేరే ప్రశ్నలో అయితే కుదింపుకు మార్కులు వేసేవాణ్ణి.

---

కరీంనగర్_స్వాతి

నేను మూర్తి సార్ వైపే. సున్నా చూస్తే ఏది సరిగ్గా చేశామో కూడా తెలియదు.

---

కంట్రోల్స్_కిరణ్

అంకెల_దారి గారూ, ఒక సందేహం. మొదటి పివట్ సున్నా అయితే ఈ ఎల్‌ఆర్ పద్ధతి ఎలా నడుస్తుంది? మాకు ఊగే సిస్టమ్స్‌లో ఇలాంటివి తరచూ వస్తాయి:

```
| 0  -1 |
| 1   0 |
```

వరుసలు తారుమారు చేస్తే వికర్ణం మీద 1, −1 వస్తాయి. అసలు విలువలు +i, −i. ఊగేదాన్ని ఒకవైపు పెరిగేది, ఒకవైపు తగ్గేది అని చదివినట్టవుతుంది.

---

అంకెల_దారి

వరుసలతోపాటు నిలువు వరుసలనూ తారుమారు చేస్తే ఐగన్ విలువలు నిలుస్తాయి, కానీ మూలలో మళ్లీ సున్నాయే వస్తుంది. చేసి చూడండి. ఇంకో చిక్కు కూడా ఉంది. నిజ సంఖ్యలతో మొదలుపెట్టి నిజ సంఖ్యలతోనే నడిస్తే వికర్ణం మీద i ఎప్పటికీ రాదు. ఇలాంటి జంట ఉన్నప్పుడు 2 × 2 గడిని అలాగే వదిలి, దాని విలువలు వర్గ సమీకరణంతో తీస్తారు. ఎల్‌ఆర్‌లో తారుమార్లు కలిపితే పెద్ద మాత్రికలకు ఎప్పుడు దగ్గరికి వెళుతుంది, ఎప్పుడు వెళ్లదు అన్నది ఇక్కడ రెండు వాక్యాల్లో చెప్పలేను.

---

బీఎస్సీ_రెండో_ఏడు

కిరణ్ అన్న ఇచ్చిన B మీద ఎల్‌ఆర్ చేతితో చేశాను. పివట్లు 2, 1 తో మొదలైంది కదా. ఒక్కో మెట్టు తర్వాత వికర్ణం ఇలా ఉంది:

```
-4         1
-2.5      -0.5
-2.2      -0.8
-2.0909   -0.9091
```

రెండో మెట్టుకే రెండు గుర్తులూ మైనస్ అయ్యాయి, −2, −1 వైపు వెళుతోంది. కానీ నా మాత్రిక కంటే నెమ్మదిగా వెళుతోంది. అక్కడ 4 నుంచి తేడా ప్రతి మెట్టుకూ సుమారు నాలుగో వంతుకు తగ్గింది. ఇక్కడ సగానికి దగ్గరగా తగ్గుతోంది. అక్కడ ఐగన్ విలువలు 4, −1. ఇక్కడ −2, −1. చిన్నదాన్ని పెద్దదానితో భాగిస్తే పరిమాణంలో 1/4, 1/2 వస్తున్నాయి. ఇది కారణమేనా, లేక నా రెండు లెక్కల్లో అలా కుదిరిందా?

---

అంకెల_దారి

కారణమే. ఇప్పుడు మాస్టారు ఇచ్చిన S తీసుకో. అక్కడ మూడు విలువలు, పక్కపక్క వాటి నిష్పత్తులు రెండు. మొదలుపెట్టే ముందే ఏ సున్నా త్వరగా వస్తుందో, ఏది ఆలస్యంగా వస్తుందో ఊహించి రాసుకుని, తర్వాత చేసి ఇక్కడ పెట్టు.